ఔట్రో ఎంత ఉండాలి? చివరి 20 సెకన్ల గ్రాఫ్‌ను నేను చదివే పద్ధతి

ప్రశ్న: మా అమ్మ యూట్యూబ్ వంటల ఛానల్‌కి ఎడిటింగ్ నేనే చేస్తాను. గోంగూర పచ్చడి వీడియో 8 నిమిషాల 20 సెకన్లు, 12,000 వ్యూస్ వచ్చాయి. 7:45 దాకా 36 శాతం మంది ఉన్నారు, చివరికి 8 శాతమే మిగిలారు. చివరి 20 సెకన్లు లోగో, మ్యూజిక్, ఎండ్ స్క్రీన్. మూడు ఎలిమెంట్లు పెట్టాను, క్లిక్ రేటు 2 శాతమే. ఔట్రో తీసేయాలా? ఉంచితే ఎన్ని సెకన్లు ఉంచాలి? ఏ సెకను దాకా ఎంత శాతం మంది ఉన్నారో చూపే రిటెన్షన్ గ్రాఫ్ చూస్తే టెన్షన్‌గా ఉంది. స్క్రీన్‌షాట్లు, వీడియో లింక్ కింద పెట్టాను.

సమాధానం:

ఔట్రో పూర్తిగా తీసేయకండి, 10 సెకన్లకు తగ్గించండి. లోగో, మ్యూజిక్ ఉన్న ఆ 20 సెకన్ల ముక్కను మాత్రం పూర్తిగా తీసేయండి. ఎండ్ స్క్రీన్‌ను ఔట్రో తర్వాత కాకుండా అమ్మగారు ఇంకా మాట్లాడుతుండగానే, "పచ్చడి రెడీ" అనడానికి రెండు సెకన్ల ముందు మొదలుపెట్టండి. లెక్కేస్తే మీ వీడియో 7:55 దగ్గర ముగుస్తుంది, ఎండ్ స్క్రీన్ 7:43 నుంచి 7:55 వరకు 12 సెకన్లు ఉంటుంది. ఈ అంకెలు ఎలా వచ్చాయో చెబుతాను, ఎందుకంటే మీ తర్వాతి వీడియోకి ఇవే అంకెలు సరిపోకపోవచ్చు.

నేను విజయవాడలో ఉంటాను, ఏడేళ్లుగా తెలుగు ఛానళ్లకు ఎడిటింగ్ చేస్తున్నాను. ఎక్కువగా వంటలు, వ్యవసాయం, కొన్ని కోచింగ్ క్లాసులు. మీ స్క్రీన్‌షాట్లు చూశాను, వీడియో కూడా చివరిదాకా రెండుసార్లు చూశాను.

మొదట ఒక తేడా చెప్పాలి. మనం ఔట్రో, ఎండ్ స్క్రీన్ అనే రెండు మాటల్ని ఒకేదానికి వాడేస్తాం. కానీ అవి వేర్వేరు, వాటి పొడవులు కూడా వేర్వేరుగా తేల్చుకోవాలి. ఎండ్ స్క్రీన్ అంటే మనం యూట్యూబ్ స్టూడియోలో పెట్టే బటన్లు: వీడియో, ప్లేలిస్ట్, సబ్‌స్క్రైబ్ వంటివి. యూట్యూబ్ వాటిని వీడియో చివరి 5 నుంచి 20 సెకన్ల మధ్యే పెట్టనిస్తుంది. ఔట్రో అంటే "ఇక అయిపోయింది" అని చూసేవాళ్లకు అర్థమైన క్షణం నుంచి వీడియో ఆగేదాకా ఉన్న సమయం. ఈ రెండోదాన్ని యూట్యూబ్ కొలిచి చూపించదు, మనమే కొలుచుకోవాలి.

మీరు మీ ఔట్రో 20 సెకన్లు అనుకుంటున్నారు. నేను చూసిన ప్రకారం అది 35 సెకన్లు. 7:45 దగ్గర అమ్మగారు "అంతేనండి, ఎంతో రుచిగా ఉండే గోంగూర పచ్చడి రెడీ" అన్నారు. చూసేవాళ్లకు వీడియో అక్కడే అయిపోయింది. ఆ తర్వాత 15 సెకన్లు లైక్, షేర్, సబ్‌స్క్రైబ్, గంట గుర్తు. ఆ తర్వాత 20 సెకన్లు లోగో.

మీ గ్రాఫ్ మీద మౌస్ పెట్టి ఐదేసి సెకన్లకు మీరు తీసిన అంకెలు వరసగా చూడండి. 7:40 దగ్గర 37, 7:45 దగ్గర 36. ఆ తర్వాత 7:50కి 29, 7:55కి 23, 8:00కి 19. అక్కడినుంచి 8:05కి 15, 8:10కి 12, 8:15కి 10, చివరికి 8.

గ్రాఫ్ విరిగింది 7:45 దగ్గర. మీ ఎండ్ స్క్రీన్ మొదలైంది 8:00 దగ్గర. మధ్యలో పోయింది 17 శాతం. 12,000 వ్యూస్‌లో 17 శాతం అంటే 2,040. మీ బటన్లు తెరమీదికి రాకముందే రెండు వేలకు పైగా వ్యూస్ అయిపోయాయి. ఎండ్ స్క్రీన్ చూసినవి 2,280 మాత్రమే. కాబట్టి మీ సమస్య చివరి 20 సెకన్లలో లేదు, దానికి ముందున్న 15 సెకన్లలో ఉంది.

ఈ విరిగే చోటును నేను మోకాలు అంటాను, గ్రాఫ్ అక్కడ మోకాలులా వంగుతుంది కాబట్టి. మీ ఛానల్‌లో ఒక్క వీడియో చూసి నిర్ణయించకండి. ఒక ఏడెనిమిది వీడియోలు తీసుకుని, ప్రతిదానిలో మోకాలు ఏ సెకను దగ్గర ఉందో రాసుకోండి. పక్కనే ఆ సెకనులో అమ్మగారు ఏం మాట్లాడుతున్నారో, తెరమీద ఏముందో రాయండి. వంటల వీడియోల్లో నాకు దాదాపు ఎప్పుడూ ఒకటే కనిపిస్తుంది: "రెడీ" అనే మాట, లేదంటే గిన్నెలోంచి ప్లేట్‌లోకి వడ్డించే షాట్. కొన్ని ఛానళ్లలో అదీ కాదు, వెనకాల మ్యూజిక్ మారిన క్షణమే జనం కదులుతారు. ఒక ఛానల్‌లో మేం చివర్లో మ్యూజిక్ నెమ్మదిగా తగ్గించేవాళ్లం. మాటలు ఇంకా పది సెకన్లు ఉండగానే గ్రాఫ్ వంగేది. మ్యూజిక్ తగ్గించడం మానేశాక మోకాలు పది సెకన్లు ఆలస్యంగా, మాటల చివరికి వచ్చింది.

ఇప్పుడు క్లిక్ రేటు సంగతి. 2 శాతం చూసి మీరు నిరాశపడ్డారు, కానీ ఆ అంకె మీరు అనుకున్నది కాదు. స్టూడియోలో `End screen elements shown` అనే లెక్క మనుషుల్ని లెక్కపెట్టదు, బటన్లను లెక్కపెడుతుంది. మీరు మూడు బటన్లు పెట్టారు కాబట్టి ఒక్కరు చూస్తే మూడు అని పడుతుంది. మీకు అక్కడ 6,300 ఉంది. దాన్ని మూడుతో భాగిస్తే 2,100. గ్రాఫ్ ప్రకారం వచ్చిన 2,280కి ఇది దగ్గరగానే ఉంది. తేడా ఉండటం మామూలే. ఫోన్ బ్రౌజర్‌లో చూసేవాళ్లకు ఎండ్ స్క్రీన్ రాదు, వెనక్కి తిప్పి మళ్లీ చూసినవి గ్రాఫ్‌లో కలుస్తాయి. ఈ రెండు లెక్కలూ దగ్గరగా ఉంటే మీ కొలత సరిగ్గా ఉన్నట్టు. రెంటికీ పొంతన లేకపోతే ముందు కారణం వెతకాలి. చాలాసార్లు ఎండ్ స్క్రీన్ మొదలయ్యే సెకను మనం అనుకున్నచోట ఉండదు.

మొత్తం క్లిక్కులు 126. వాటిని 2,100తో భాగిస్తే 6 శాతం. అంటే బటన్లు చూసిన ప్రతి వందమందిలో ఆరుగురు నొక్కారు. అందులో వీడియోకి 84, ప్లేలిస్ట్‌కి 18, సబ్‌స్క్రైబ్‌కి 24. సబ్‌స్క్రైబ్ నొక్కినవాళ్లు వీడియో వదిలి వెళ్లరు, అక్కడే ఉంటారు. కాబట్టి ఎండ్ స్క్రీన్ నొక్కి మీ ఇంకో వీడియోకి వెళ్లినవాళ్లు 102.

దీనివల్ల గ్రాఫ్ చదివే పద్ధతి మారుతుంది. 8:00 నుంచి 8:20 లోపల 19 నుంచి 8కి పడింది, అంటే 11 శాతం, 1,320 వ్యూస్. అందులో 102 మంది మీ ఇంట్లోనే ఇంకో గదిలోకి వెళ్లారు. మిగతా 1,218 మంది బయటికి వెళ్లారు. రిటెన్షన్ గ్రాఫ్‌కి ఈ ఇద్దరి మధ్య తేడా తెలియదు. రెండూ దానికి పడిపోవడమే. చివరి 20 సెకన్లలో గ్రాఫ్ నిటారుగా పడటం చూసి భయపడే ముందు ఈ తీసివేత ఒకసారి చేసుకోవాలి. ఎండ్ స్క్రీన్ బాగా పనిచేసే వీడియోల్లో గ్రాఫ్ ఇంకా నిటారుగా పడుతుంది, అది మనం కోరుకునేదే. కోచింగ్ క్లాసుల ఛానల్ ఒకటి నేను చూస్తాను. పాఠం 4 చూసినవాడు వెంటనే పాఠం 5 నొక్కుతాడు. అక్కడ చివరి పది సెకన్ల గ్రాఫ్ చూస్తే ఎవరైనా కంగారుపడతారు, కానీ ఆ ఛానల్‌లో అవే అన్నిటికన్నా మంచి వీడియోలు.

ఇంకొకటి, చివరి ఒక్క చుక్కను లెక్కలోకి తీసుకోకండి. దాదాపు ప్రతి వీడియోలోనూ ఆఖరి ఒకటి రెండు సెకన్లలో గ్రాఫ్ పడుతుంది. అది మీ తప్పు కాదు.

ఇక మార్చాక ఏం జరుగుతుందో అంచనా వేద్దాం. ఎండ్ స్క్రీన్ 7:43కి వస్తే దాదాపు 36 శాతం మంది, అంటే 4,300 మంది దాన్ని చూస్తారు. ఇప్పటి 2,280తో పోలిస్తే దాదాపు రెట్టింపు. అలాగని క్లిక్కులు కూడా రెట్టింపు అవుతాయని ఆశపెట్టుకోకండి. "రెడీ" అనగానే వెళ్లిపోయేవాళ్లు, లోగో వచ్చేదాకా కూర్చునేవాళ్లు ఒకే రకం మనుషులు కారు. రెండోవాళ్లకు మీ ఛానల్ మీద అభిమానం ఉంది, నొక్కే అవకాశం ఎక్కువ. కొత్తగా బటన్లు చూసేవాళ్లలో చాలామంది పచ్చడి పద్ధతి దొరికిందని వెళ్లిపోయేవాళ్లు. అందువల్ల మార్చిన తర్వాత క్లిక్ రేటు తగ్గుతుంది, క్లిక్కుల సంఖ్య పెరుగుతుంది. ఇది తెలియక చాలామంది రేటు తగ్గిందని మళ్లీ పాత పద్ధతికి వెళ్లిపోతారు. మీరు రేటు చూడకండి. ప్రతి వెయ్యి వ్యూస్‌కి వీడియో, ప్లేలిస్ట్ క్లిక్కులు ఎన్ని అని చూడండి. ఇప్పుడు మీకు 12,000 వ్యూస్‌కి 102, అంటే వెయ్యికి ఎనిమిదిన్నర. ఆ ఎనిమిదిన్నర ఎక్కడిదాకా వెళ్తుందో చూడాలి.

ఇదే విషయంలో నాకు జరిగింది చెబుతాను. మిరప, వరి సాగు చెప్పే ఛానల్ ఒకటి, వీడియోలు పదకొండు పన్నెండు నిమిషాలు ఉండేవి. చివర్లో 22 సెకన్ల యానిమేషన్. ఆ ఛానల్ రైతు డబ్బులిచ్చి చేయించుకున్నారు, దాని మీద ఆయనకు ఇష్టం. నేను నెలరోజులు అడిగాక తీసేయడానికి ఒప్పుకున్నారు. ఎండ్ స్క్రీన్‌ను ఆయన మాటల చివరి భాగం మీదికి తెచ్చాం. వెయ్యి వ్యూస్‌కి ఐదు దగ్గర ఉన్న క్లిక్కులు తొమ్మిది దాకా వచ్చాయి, రేటు మాత్రం తగ్గింది. అంతవరకు బాగానే ఉంది.

ఆ ఉత్సాహంలో నేను ఎండ్ స్క్రీన్‌ను ఇంకా ముందే మొదలుపెట్టాను. ఒక వీడియోలో చివర్లో ఆయన మందు డబ్బా చూపిస్తూ ఎకరానికి ఎంత మోతాదో చెబుతున్నారు. ఎండ్ స్క్రీన్ సరిగ్గా ఆ డబ్బా మీదికి వచ్చింది. కామెంట్లలో "అన్నా, మోతాదు కనపడట్లేదు" అని ఐదారుగురు రాశారు. గ్రాఫ్‌లో కూడా అది కనిపించింది. చివర్లో పడాల్సిన గీత అక్కడ చిన్న గుట్టలా లేచింది. మామూలుగా గుట్ట కనిపిస్తే సంతోషపడతాం, జనం మళ్లీ చూశారు అనుకుంటాం. ఇక్కడ జనం వెనక్కి తిప్పి చూసింది బటన్ల వెనక దాక్కున్న అంకె కోసం. మందు మోతాదు తప్పితే రైతుకు నష్టం, దాన్ని నేను తేలిగ్గా తీసుకోలేను. అప్పటినుంచి నాకు ఒక నియమం ఉంది: ఎండ్ స్క్రీన్ మాటల మీదికి రావచ్చు, కానీ కొలత, మోతాదు, చేసే పని చూపించే షాట్ మీదికి రాకూడదు. మీ వీడియోలో 7:43కి ముందు తాలింపు పచ్చడిలో కలుపుతున్నారు, అది పని. 7:43 నుంచి గిన్నె అలా చూపిస్తున్నారు, దానిమీద బటన్ వస్తే ఎవరికీ నష్టం లేదు.

కానీ ఇప్పుడు ఆ గిన్నె ఫ్రేము నడిమధ్యలో ఉంది. బటన్ పెడితే పచ్చడి మీదే పడుతుంది, చూడటానికి బాగోదు. దీన్ని ఎడిటింగ్‌లో సరిచేయలేం, షూట్‌లోనే చేయాలి. వడ్డించే షాట్ తీసేటప్పుడు గిన్నెను ఎడమవైపు మూడో వంతులో పెట్టండి, కుడివైపు ఖాళీ బల్ల కనిపించనివ్వండి. వీడియో బటన్ ఆ కుడివైపు ఖాళీలో సరిపోతుంది, దాని కింద కొంచెం దూరంగా సబ్‌స్క్రైబ్ గుండ్రం. ఇప్పటి వీడియోకి అయితే బటన్‌ను ఒక పక్కకు జరిపి సర్దుకోవాలి.

మూడు ఎలిమెంట్ల గురించి కూడా ఒక మాట. ప్లేలిస్ట్‌కి 18 క్లిక్కులే వచ్చాయి. దాన్ని తీసేయండి. నాలుగు దాకా పెట్టనిస్తుంది కాబట్టి నాలుగు పెట్టాలనేం లేదు. పది సెకన్లలో మనిషి ఒకటే నిర్ణయం తీసుకోగలడు: ఈ వీడియో చూడాలా, వద్దా. వీడియో బటన్‌లో మూడు రకాలు ఉంటాయి: కొత్తగా పెట్టింది, చూసేవాళ్లకు నప్పేది యూట్యూబ్ ఎంచేది, మనం ఎంచిపెట్టేది. వంటల ఛానల్‌కి నేను మూడోది వాడతాను, ఎందుకంటే అమ్మగారు నోటితో దాని పేరు చెప్పగలరు.

ఔట్రో 10 సెకన్లని నేను చెప్పడానికి కారణం కూడా ఇదే. ఆ పది సెకన్లలో జరగాల్సింది రెండే పనులు. ఒక వాక్యం చెప్పడానికి ఐదారు సెకన్లు పడుతుంది. అది విని, ఫోన్ పొయ్యి పక్కన ఉంటే తడిచేయి తుడుచుకుని, బటన్ వెతికి నొక్కడానికి ఇంకో నాలుగైదు. అంతకు మించి ఎక్కువ పెడితే అప్పటికే నొక్కాలనుకున్నవాళ్లు నొక్కేసి ఉంటారు, మిగతావాళ్లు వెళ్లిపోయి ఉంటారు. తక్కువ పెడితే మరో ఇబ్బంది. ఆ సాగు ఛానల్‌లోనే ఒకసారి మాట అయిపోయిన రెండు సెకన్లకే ఆపేశాను. "వీడియో మధ్యలో కట్ అయిందా?" అని అడిగారు, క్లిక్కులు కూడా తగ్గాయి. మాట అయిపోయాక బటన్ కనీసం నాలుగు సెకన్లు తెరమీద ఉండాలని అప్పుడు అర్థమైంది.

ఆ ఒక్క వాక్యం ఏమిటన్నది సెకన్లకన్నా ముఖ్యం. ఇప్పుడు అమ్మగారు "మా ఛానల్‌లో ఇంకా మంచి మంచి వంటలు ఉన్నాయి, అవి కూడా చూడండి" అంటున్నారు. అది విని ఎవరూ ఏదీ నొక్కరు. బదులుగా ఇలా చెప్పించండి: "ఇదే గోంగూరతో మటన్ వండితే పులుపు ఎక్కువైపోతుంది కదా, అది కాకుండా ఎలా వండాలో ఈ పక్కన వీడియోలో చూపించాను." గోంగూర కోసం వచ్చినవాళ్లకు గోంగూర గురించే ఇంకో ప్రశ్న, దానికి సమాధానం పక్కనే ఉంది. లైక్, సబ్‌స్క్రైబ్ మాటలు ఇక్కడ వద్దు. గోంగూర వేగుతున్నప్పుడు ఎలాగూ ఒకటి రెండు నిమిషాలు ఖాళీ ఉంటుంది, అక్కడ చెప్పుకోండి. "రెడీ" అనే మాట కూడా వీలైతే విడిగా కాకుండా ఆ చివరి వాక్యంతో కలిపి చెప్పించండి. "రెడీ" తర్వాత ఆగి ఊపిరి తీసుకుంటే, ఆ ఒక్క సెకనులోనే జనం వేలు కదుపుతారు.

ఇప్పుడు ఈ పద్ధతి ఎక్కడ పనిచేయదో చెప్పాలి, లేకపోతే మీరు మీ ఇతర వీడియోల దగ్గర తికమక పడతారు.

రిటెన్షన్ గ్రాఫ్ ఎంత పొడవు వీడియోనైనా వంద ముక్కలుగానే కొలుస్తుంది. మీ వీడియో 500 సెకన్లు కాబట్టి ఒక్కో ముక్క 5 సెకన్లు. అందుకే చివరి 20 సెకన్లలో మీకు నాలుగు కొలతలు దొరికాయి, మోకాలు కనిపించింది. అదే మీరు పండగ పిండివంటల మీద 25 నిమిషాల వీడియో పెడితే ఒక్కో ముక్క 15 సెకన్లు అవుతుంది. చివరి 20 సెకన్లు అంటే ఒకటిన్నర కొలత కూడా లేదు. గీత నున్నగా కనిపిస్తుంది కానీ ఆ గీత రెండు చుక్కల్ని కలిపింది మాత్రమే, మధ్యలో ఏం జరిగిందో దానిలో లేదు. అలాంటి గ్రాఫ్‌లో "8వ సెకను దగ్గర పడింది" అని ఎవరైనా చెబితే నమ్మకండి.

పొడవు వీడియోలకు నేను చేసే పని ఒకటుంది. ఎండ్ స్క్రీన్‌లో ప్రతి ఎలిమెంట్‌కీ వేరే ప్రారంభ సమయం పెట్టుకోవచ్చు. వీడియో బటన్‌ను చివరికి 15 సెకన్ల ముందు, సబ్‌స్క్రైబ్‌ను 7 సెకన్ల ముందు మొదలుపెడతాను. తర్వాత స్టూడియోలో అడ్వాన్స్‌డ్ మోడ్ తెరిచి ఎండ్ స్క్రీన్ ఎలిమెంట్ల వారీగా, ఏది ఎన్నిసార్లు కనిపించిందో చూస్తాను. వీడియో బటన్ 3,000 సార్లు, సబ్‌స్క్రైబ్ 1,400 సార్లు కనిపించిందనుకోండి. ఆ ఎనిమిది సెకన్లలో సగానికి పైగా వెళ్లిపోయారని తెలిసిపోతుంది. గ్రాఫ్ ఇవ్వలేని కొలతను బటన్లే ఇస్తాయి.

పోలిక చేసేటప్పుడు రోజులు కూడా చూసుకోవాలి. వీడియో పెట్టిన మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చేది ఎక్కువగా మీ పాత సబ్‌స్క్రైబర్లు. వాళ్లు అమ్మగారి మాట కోసం వస్తారు, చివరిదాకా ఉంటారు. నెల తర్వాత వచ్చేది "గోంగూర పచ్చడి ఎలా చేయాలి" అని వెతికి వచ్చినవాళ్లు. వాళ్లకు పచ్చడి పద్ధతి కావాలి, అది దొరికాక వెళ్లిపోతారు. అందులో తప్పేం లేదు. కొత్త వీడియో మొదటి వారాన్ని పాత వీడియో మొత్తం జీవితంతో పోలిస్తే మీ మార్పు గొప్పగా పనిచేసినట్టు కనిపిస్తుంది, అది నిజం కాదు. రెండు వీడియోలకూ మొదటి 28 రోజులు తీసుకోండి. రిటెన్షన్ అంకెలు రావడానికే ఒకటి రెండు రోజులు పడుతుంది కాబట్టి పెట్టిన మరునాడే చూసి ఏమీ నిర్ణయించకండి.

సగటు శాతం విషయంలోనూ ఇలాంటి భ్రమే ఉంది. ఔట్రో కోసేయగానే సగటున ఎంత శాతం చూశారన్న అంకె కొంచెం పెరుగుతుంది. మీ వీడియోలో సగటు 3 నిమిషాల 40 సెకన్లు, అంటే 500లో 220 సెకన్లు, 44 శాతం. చివరి 25 సెకన్లు తీసేస్తే వీడియో 475 సెకన్లు అవుతుంది. ఆ 25 సెకన్లు చూసేది సగటున 15 శాతం లోపే కాబట్టి పోయేది మూడు నాలుగు సెకన్లు. 216ని 475తో భాగిస్తే 45 దాటుతుంది. జనం ఒక్క సెకను కూడా ఎక్కువ చూడలేదు, అయినా శాతం పెరిగింది. ఔట్రో తగ్గించాక ఈ అంకె చూసి మార్పు ఫలించిందని అనుకోకండి. ఫలించిందో లేదో క్లిక్కులే చెబుతాయి.

కొన్ని వీడియోలకు 10 సెకన్ల లెక్క అసలు వర్తించదు. పిల్లల కోసం అని గుర్తుపెట్టిన వీడియోల్లో ఎండ్ స్క్రీనే రాదు, కాబట్టి అక్కడ ఔట్రో పెట్టడానికి కారణమే లేదు, కథ అయిపోగానే ఆపేయాలి. 25 సెకన్లకన్నా చిన్న వీడియోకీ ఎండ్ స్క్రీన్ పెట్టలేం. కోచింగ్ పాఠాల్లో మాత్రం నేను 20 సెకన్లూ వాడతాను. పాఠంలో చెప్పింది మూడు వాక్యాల్లో మళ్లీ చెబుతుండగా తర్వాతి పాఠం బటన్ పక్కన ఉంటుంది. అక్కడ ఆ సమయం వృథా కాదు, పిల్లలు నోట్స్ రాసుకుంటారు.

ఇక పాత వీడియోల సంగతి. గోంగూర పచ్చడి వీడియోని మళ్లీ అప్‌లోడ్ చేయాల్సిన అవసరం లేదు. స్టూడియో ఎడిటర్‌లోనే చివరి ముక్క కత్తిరించవచ్చు, లింకు, వ్యూస్, కామెంట్లు అలాగే ఉంటాయి. ప్రాసెసింగ్ అయ్యేదాకా పాత వీడియోనే కనిపిస్తుంది, దానికి కొన్ని గంటలు పట్టొచ్చు. కత్తిరించాక ఎండ్ స్క్రీన్ తెరిచి సమయాలు సరిగ్గా ఉన్నాయో చూసుకోండి, చివర తగ్గింది కాబట్టి అవి మళ్లీ సర్దాల్సి వస్తుంది. లక్ష వ్యూస్ దాటిన వీడియోలకు, మీ ఛానల్ యూట్యూబ్ పార్ట్‌నర్ ప్రోగ్రామ్‌లో లేకపోతే, ఈ మార్పు సేవ్ కాకపోవచ్చు, కాబట్టి బాగా నడుస్తున్న వీడియోలను ముందే సరిచేసుకోండి. కత్తిరించిన తేదీ రాసిపెట్టుకోవడం మర్చిపోకండి. గ్రాఫ్ చూసేటప్పుడు ఆ తేదీ తర్వాతి రోజులే ఎంచుకోవాలి, లేదంటే పాత ముగింపు, కొత్త ముగింపు అంకెలు కలిసిపోయి ఏదీ అర్థం కాదు.

ముందు ఈ ఒక్క వీడియోని మార్చి చూడండి. దాంతోపాటు తర్వాత తీయబోయే రెండు వీడియోల్లో గిన్నెను ఎడమవైపు పెట్టి, చివరి వాక్యం అమ్మగారికి ముందే రాసిచ్చి షూట్ చేయండి. 28 రోజులయ్యాక మూడింటి అంకెలూ ఇక్కడ పెట్టండి: మోకాలు దగ్గర ఎంత శాతం, ఎండ్ స్క్రీన్ ఎన్నిసార్లు కనిపించింది, వీడియో బటన్ ఎంతమంది నొక్కారు. "రెడీ" తర్వాత ఐదు సెకన్లలోనే గ్రాఫ్ ఇంకా ఏడు శాతం పడుతుంటే 10 సెకన్లను 8 చేద్దాం. అలా కాకుండా గీత కాస్త చదునుగా మారితే, అమ్మగారికి ఇంకో వాక్యం మాట్లాడే చోటు ఉన్నట్టే.